బండి కాజీపేట దాటేదాకా

మా హాల్లో ఫ్రిజ్ దగ్గర్నుంచి బాల్కనీ తలుపు దాకా పద్నాలుగు అడుగులు. పోను పద్నాలుగు, రాను పద్నాలుగు. ఈ ఫ్లాట్లో మూడేళ్ళుగా అద్దెకుంటున్నా ఈ లెక్క తెలీలేదు. మా బుజ్జి పుట్టాక, రాత్రి మూడింటికి దాన్ని భుజాన వేసుకుని తిరిగితే తెలిసింది. ఇంకా చాలా తెలిశాయి. ఏడో అడుగు దగ్గర ఒక టైలు కింద డొల్ల ఉంది, కాలు పడితే టక్కుమంటుంది. మూడు పది ప్రాంతంలో పైఫ్లాట్లో ఎవరో లేచి బాత్రూముకి వెళ్తారు. కింద వాచ్‌మన్ ఆ టైముకి మంచి నిద్రలో ఉంటాడు.

ముందు మా ఇంట్లో ఏర్పాటు చెప్పాలి. కాన్పు ఆపరేషన్ అయింది. మామూలుగా అయితే మా ఆవిడ ఖమ్మంలో పుట్టింట్లోనే మూడో నెల దాకా ఉండేది. ఆపరేషన్ హైదరాబాదులో అవడంతో అత్తయ్యే ఇక్కడికి వచ్చేశారు. మొదటి నెలంతా రాత్రుళ్ళు ఆవిడే చూశారు. నేను అప్పుడప్పుడు లేచి "ఏమైంది అత్తయ్యా" అని అడిగి, ఏమీ కాలేదని చెప్తే మళ్ళీ పడుకునేవాణ్ణి. దానికి నేను సాయం అని పేరు పెట్టుకున్నాను కూడా. ముప్ఫై రోజులు దాటేసరికి ఆవిడకి బీపీ పెరిగింది, మోకాళ్ళు పట్టేశాయి. ఇక నేను డ్యూటీ వేసుకున్నాను. రాత్రి రెండింటికి మా ఆవిడ పాలిచ్చి బుజ్జిని నా చేతికిస్తుంది. అక్కణ్ణుంచి ఐదింటికి మళ్ళీ పాలదాకా నాది. ఆ మూడు గంటలూ ఆవిడ గది తలుపు వేసుకుని వరసగా నిద్రపోవాలి. అత్తయ్య హాలు పక్కనే ఉన్న చిన్న గదిలో పడుకుంటారు, ఉక్కగా ఉంటుందని తలుపు తీసే ఉంచుతారు. "మీరు లేవకండి, నేను చూసుకుంటా" అని గట్టిగా చెప్పాను. ఆవిడ కూడా, "నాకు పడుకుంటే బాంబు పేలినా తెలీదులే బాబూ" అన్నారు. నమ్మాను.

మొదటి వారం నేను చేసిన పని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. బుజ్జి ఏడుపు మొదలుపెట్టగానే భుజాన వేసుకునేవాణ్ణి. నిమిషంలో ఆపకపోతే ఒళ్ళో పడుకోబెట్టేవాణ్ణి. అదీ పనిచేయకపోతే ముంజేతి మీద బోర్లా. తర్వాత గిలక్కాయ. తర్వాత ఫ్యాన్ ఆపడం, వేయడం. తర్వాత ఫోన్లో వాన చప్పుడు. పది నిమిషాల్లో పది వేషాలు. ఒక్కటీ రెండు నిమిషాలు నిలవనిచ్చేవాణ్ణి కాదు. చేతులు మారిన ప్రతిసారీ అది ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపి, ఇంకో రాగం ఎత్తుకునేది. దాన్ని ఊరుకోబెడుతున్నాననుకున్నాను గానీ, నిజానికి లేపుతున్నది నేనే.

ఎప్పుడో ఒకసారి అలిసిపోయి కళ్ళు మూసేది. అంతే, నాకు లాటరీ తగిలినట్టుండేది. మంచం దగ్గరికి పరుగు. వీపు పరుపుకి ఆనీ ఆనకముందే కళ్ళు రెండూ ఇంత చేసుకుని, నన్నే చూస్తూ, పెదవి వంకర పెట్టి... మళ్ళీ మొదలు. ఒక రాత్రి ఇలా ఐదుసార్లు దించాను, ఐదుసార్లు ఎత్తాను.

ముప్ఫై ఎనిమిదో రోజు రాత్రి సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తున్నాను. ఆ రోజు ఆఫీసులో ఒక రిలీజు ఉంది, సరిగ్గా నిద్రపోయి నాలుగు రోజులైంది. రెండూ నలభైకి మొదలైన ఏడుపు మూడున్నర అయినా ఆగలేదు. ముఖం కందిపోయింది, పిడికిళ్ళు బిగించింది, మోకాళ్ళు పొట్టకేసి ముడుస్తోంది. చెవి పక్కనే ఆ అరుపు. నేను "ఉష్ ఉష్" అంటున్నాను. ఆ ఉష్ ఎప్పుడు బుజ్జగింపు పోయి గదమాయింపు అయిందో నాకే తెలీదు. ఉన్నట్టుండి నా చేతులు చూసుకున్నాను. దాని చంకల కింద నా వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. దాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకుని ఉన్నాను. "ఏం కావాలే నీకు" అని పళ్ళ మధ్య నుంచి అంటున్నాను. నాలుగు కేజీల పిల్లతో.

భయమేసింది. దాని మీద కాదు, నా మీద. తీసుకెళ్ళి హాల్లో ఉన్న దాని ఉయ్యాల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టాను. పక్కన దిండు, దుప్పటి ఏమీ లేకుండా చూసి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి లాగాను. ఏడుపు వినిపిస్తూనే ఉంది. కొళాయి తిప్పి ముఖం మీద నీళ్ళు కొట్టుకున్నాను. రోడ్డు మీద ఒక కుక్క నావైపు చూసి, పట్టించుకోకుండా పోయింది. నాలుగు నిమిషాలు ఉన్నానేమో. లోపలికి వచ్చేసరికి ఏడుస్తూనే ఉంది, కానీ నా చేతులు మామూలుగా ఉన్నాయి. ఎత్తుకున్నాను. ఇంకో పావుగంటకి పడుకుంది.

పొద్దున మా ఆవిడకి చెప్పలేదు. పిల్లని వదిలేసి బాల్కనీలో నిలబడ్డ తండ్రిని నేనొక్కణ్ణేనేమో అనిపించింది.

ఆ మర్నాడే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఇంట్లో అప్పటికే మూడు రోగనిర్ధారణలు అయిపోయాయి. మా అమ్మ ఫోన్లోనే దిష్టి అని తేల్చింది. అత్తయ్య గాలి పట్టిందన్నారు, వస అరగదీసి నాలిక్కి రాయాలన్నారు. మా ఆవిడ తన పాలు చాలడం లేదని రెండుసార్లు ఏడ్చింది. డాక్టరు గారు పెద్దావిడ, తొందర లేని మనిషి. బుజ్జి బట్టలన్నీ విప్పించి తూచారు. పుట్టినప్పుడు రెండు కేజీల తొమ్మిది వందలు, ఇప్పుడు నాలుగు కేజీలకి కొంచెం తక్కువ. "రోజుకి పాతిక గ్రాములకి తగ్గకుండా పెరుగుతోంది. రోజుకి ఆరేడుసార్లు ఉచ్చ పోస్తోందా? పోస్తోందిగా. ఇంక పాలు చాలడం లేదని ఎవరన్నారమ్మా?" అని మా ఆవిడ వైపు చూశారు. ఆ ఒక్క మాటతో మా ఆవిడ భుజాలు కిందికి దిగడం నేను చూశాను.

తర్వాత పొట్ట నొక్కి చూశారు, చెవులు చూశారు. కాలివేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూశారు. అదేంటండీ అంటే, తల్లి జుట్టు రాలే రోజులివి, ఒక్కోసారి వెంట్రుక వేలికి చుట్టుకుని బిగుసుకుపోతుంది, పిల్ల గంటలకొద్దీ ఏడుస్తుంది, మనం కడుపు నొప్పని మందులు పోస్తాం అన్నారు. అలాంటిదేమీ లేదు. ఆవిడ చెప్పిన దాని సారం ఇది. పసిపిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ పోతుంది, ఆరో వారం ప్రాంతంలో శిఖరానికి వెళ్తుంది, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. తల్లిపాలు తాగే పిల్లలూ, డబ్బా పిల్లలూ, పల్లెటూరి పిల్లలూ, పట్నం పిల్లలూ అందరికీ దాదాపు ఇదే దారి. కొందరికి శిఖరం ఎత్తు ఎక్కువ, అంతే తేడా. దానికి కోలిక్ అని పేరుంది గానీ, కచ్చితంగా ఎందుకొస్తుందో తేలలేదు, మాయం చేసే మందూ లేదు. వస వద్దు, గ్రైప్ వాటర్ వద్దు, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు. అత్తయ్య మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఎప్పుడు కంగారు పడాలి?" అని మా ఆవిడ అడిగింది. జ్వరం 100.4 ఉన్నా, దాటినా, మూడు నెలల్లోపు పిల్ల కాబట్టి, రాత్రి ఎన్నింటికైనా ఆగకుండా రావాలి. పచ్చగా వాంతి అయినా, పాలు తాగడం మానేసినా, ఏడుపు ఎప్పటిలా కాకుండా సన్నగా మూలుగులా మారినా, ఎంత లేపినా మత్తుగా ఉన్నా కూడా అంతే. గట్టిగా ఏడుస్తూ, మధ్యలో ఆగి చుట్టూ చూసి, పాలిస్తే తాగి, మళ్ళీ ఏడిస్తే అది ఆరోగ్యంగా ఏడుస్తున్న పిల్ల.

లేచే ముందు ఆవిడ నావైపు తిరిగి, "రాత్రి మీరు చూస్తున్నారా? కోపం రావట్లేదా?" అన్నారు. మామూలుగా అడిగినట్టే అడిగారు. నాకు గొంతు పట్టేసింది. మా ఆవిడ పక్కనే ఉండగా బాల్కనీ సంగతి చెప్పేశాను. డాక్టరు గారు తల ఊపారు. "సరిగ్గా చేశారు. పది నిమిషాలు ఒంటరిగా ఏడిస్తే పిల్లకి ఏమీ కాదు. కోపంలో ఒక్కసారి గట్టిగా ఊపితే అవుతుంది. ఈ వయసులో మెడ తలని ఆపలేదు. లోపల మెదడులో రక్తస్రావం అవుతుంది, బయట ఒక్క దెబ్బ కూడా కనిపించదు. ఇంటికొచ్చే ప్రతి మగాడికీ, ఆడదానికీ చెప్పండి. కోపం వస్తే పడుకోబెట్టి బయటికి పొండి." మా ఆవిడ నన్నేమీ అనలేదు. ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చాక "నన్ను లేపచ్చుగా" అంది. లేపకూడదన్నదే కదా ఒప్పందం అన్నాను. "ఒప్పందానికి నేనేమన్నా సంతకం చేశానా" అంది.

ఇంకో మాట కూడా డాక్టరు గారే అన్నారు. నేను దించగానే లేస్తోందని చెప్పినప్పుడు, "పడుకోగానే దించకండి. కాసేపు కూర్చోండి" అన్నారు. ఎంతసేపు అనే లెక్క తర్వాత నేను వెతుక్కుంటే దొరికింది. జపాన్‌లో రికెన్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు 2022లో ఒక పని చేశారు. 21 మంది పసిపిల్లల గుండె చప్పుడు కొలుస్తూ, తల్లులని ఎత్తుకుని నడవమన్నారు, కూర్చోమన్నారు, దించమన్నారు. ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని, ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఏడుపు ఆగింది, దాదాపు సగం మంది నిద్రలోకి జారారు. ఊరికే కూర్చుని పట్టుకుంటే ఆ ఫలితం రాలేదు. కానీ అప్పుడే దించితే మూడోవంతు మందికి పైగా ఇరవై సెకన్లలోనే మేలుకున్నారు. నాకు పనికొచ్చిన ముక్క ఏంటంటే, పిల్లలు మేలుకుంటున్నది పరుపు తగిలినప్పుడు కాదు. తల్లి ఒంటి నుంచి విడివడటం మొదలైన క్షణం నుంచే గుండె వేగం మారుతోంది. నిద్రపోయాక ఎత్తుకునే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత దించితే లేవడం తగ్గింది. చూసింది 21 మందినే, అదీ తల్లులతో. ప్రతి పిల్లకీ ప్రతి తండ్రికీ ఇదే జరుగుతుందని వాళ్ళూ అనలేదు. కానీ నా ఐదు దింపుళ్ళకీ కారణం చదివినట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ నేను పరుపుని తిడుతున్నాను, మెత్తటి గుడ్డలు మారుస్తున్నాను.

ఇక నలభై ఒకటో రోజు రాత్రి.

రెండింటికి పాలు తాగి నా దగ్గరికి వచ్చింది. భుజాన వేసుకుని వీపు నిమిరితే ఒక మంచి త్రేన్పు వచ్చింది, దాంతో పాటు నా బనియన్ మీదికి ఇన్ని పాలు. ఒక ముప్పావుగంట ఒళ్ళో కునికింది. రెండూ యాభైకి మొదలైంది. ఈసారి నేను వెంటనే తిరగడం మొదలుపెట్టలేదు. ముందు పనులు వరసగా చూసుకున్నాను. డైపర్ తడిగా ఉంది, మార్చాను. మార్చేటప్పుడే వేళ్ళు చూశాను, చేతులవీ కాళ్ళవీ. మెడ వెనక చెయ్యి పెట్టి చూశాను, వేడి లేదు, కొంచెం చెమట ఉంది. అత్తయ్య చుట్టిన రెండో గుడ్డ తీసేశాను. ఈ ఇంట్లో పిల్లకి చలేస్తుందనే భయం ఏప్రిల్లో కూడా పోదు. పెదవి పక్కన వేలితో తాకితే అటు తిరిగి నోరు తెరవలేదు, అంటే ఆకలి కాదు. ఇదంతా నాలుగైదు నిమిషాలు. ఆ సేపూ అది ఏడుస్తూనే ఉంది. ఇంతకుముందయితే ఆ ఏడుపు నాకు "తొందరగా చెయ్యి" అని వినిపించేది. ఇప్పుడు, చూడాల్సినవన్నీ చూశాను కాబట్టి, ఊరికే ఏడుపులాగే వినిపించింది.

ఎడం భుజం మీద వేసుకున్నాను. దాని బుగ్గ నా మెడకి, నా కుడి చెయ్యి దాని మెడ వెనక. ఫోన్ తీసి దూరంగా బల్ల మీద బోర్లా పెట్టాను. దీపం ఆపేశాను, వంటింటి గట్టు మీద మైక్రోవేవ్ గడియారం పచ్చగా వెలుగుతోంది, అది చాలు. నడవడం మొదలుపెట్టాను. మామూలు నడక, రోడ్డు మీద నడిచినట్టు. ఊపడం లేదు, ఎగరేయడం లేదు. మలుపు దగ్గర కూడా ఆగకుండా తిరగాలి.

ఐదు నిమిషాలు ఎలా కొలవాలి? గడియారం చూస్తుంటే నిమిషం కదలదు. ఎవరికైనా తెలిసిందే. అంకెలు లెక్కపెడితే ఆ అంకెలే చిరాకు. అప్పుడు ఎందుకో స్టేషన్లు గుర్తొచ్చాయి. మా నాన్న డోర్నకల్లో రైల్వేలో చేసేవారు. ప్యాసింజర్ బండి ఆగే స్టేషన్లు చిన్నప్పుడు ఎక్కాల కంటే ముందే వచ్చేశాయి నాకు. విజయవాడలో బండి ఎక్కించాను. ఒక పోనూ రానూ అయితే ఒక స్టేషను. విజయవాడ. కొండపల్లి. ఎర్రుపాలెం. మధిర. అన్నీ కాదు, నాకు ఇష్టమైనవి. గొంతు పైకి రాకుండా, దాని చెవి దగ్గర, బండి రాబోతోందని మైకులో చెప్పే ఆవిడలాగా. బోనకల్లు. చింతకాని. బుజ్జి ఏడుస్తూనే ఉంది. సరే, ప్యాసింజర్లో పిల్లలు ఏడవరా ఏంటి? ఖమ్మం. ఇక్కడ టీకి ఆగుతుంది. మల్లెమడుగు. డోర్నకల్. ఇక్కడ మాత్రం నేను కాస్త నెమ్మదించాను, మా క్వార్టర్సు కనిపిస్తాయేమోనని.

గుండ్రాతిమడుగు దగ్గర ఏడుపు మధ్యలో మొదటి విరామం వచ్చింది. ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకుంది గానీ రాగం తగ్గింది. మహబూబాబాద్. కేసముద్రం. దాని పిడికిలి నా బనియన్ మెడ పట్టుకుంది. నెక్కొండ. వరంగల్. ఏడో అడుగు దగ్గర టైలు టక్కుమంది, పట్టాలు మారినట్టు. కాజీపేట వచ్చేసరికి, ఏడుపు లేదు. ఎక్కిళ్ళు మాత్రం ఉన్నాయి, వాన వెలిసాక చూరు నీళ్ళలాగా. మైక్రోవేవ్ వైపు చూశాను. నడక మొదలుపెట్టి ఐదు నిమిషాలు.

పాత నేనయితే ఇక్కడే మంచం వైపు తిరిగేవాణ్ణి. బండిని నడవనిచ్చాను. ఘన్‌పూర్, రఘునాథపల్లి, జనగామ, ఆలేరు. ఆలేరు దాటాక దాని బరువు మారింది. నాలుగు కేజీలే, ఒక్క గ్రాము పెరగలేదు, కానీ చేతుల్లో వేరేగా ఉంది. అప్పటిదాకా నా మీద వాలి ఉన్నది, ఇప్పుడు నాలోకి కారిపోతున్నట్టు. పిడికిలి విడింది. సికింద్రాబాద్ ఇంకా దూరం ఉండగానే కళ్ళు మూసేసింది.

కూర్చోవడం ఒక పరీక్ష. సోఫాలో ముందుకి వంగకుండా, నడుము నిటారుగా ఉంచి, మోకాళ్ళ మీద భారం వేసి, లిఫ్టు దిగినట్టు దిగాను. మూడూ ఏడు. ఎనిమిది నిమిషాలు కదలకూడదు.

ఆ ఎనిమిది నిమిషాల్లో చూసింది చెప్తాను, ఎందుకంటే నలభై రోజులుగా ఎత్తుకుంటున్నా నేను దాన్ని అంతసేపు చూడలేదు. మూసిన రెప్పల కింద కళ్ళు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి. ఊపిరి నాలుగు వేగంగా, ఒకటి లోతుగా, తర్వాత కాసేపు అసలు లేనట్టు, మళ్ళీ వేగంగా. ఇంతకుముందు ఆ ఆగిన ఊపిరికి నేను భయపడి కదిలించి లేపేసేవాణ్ణి. పసిపిల్లలు నిద్రలోకి ఇలా కలల నిద్ర ద్వారానే దిగుతారట, పెద్దవాళ్ళలా నేరుగా గాఢనిద్రకి వెళ్ళరు. అందుకే మొదటి నిమిషాల్లో ఏ చిన్న కదలికకైనా లేచిపోతారు. మూడో నిమిషంలో పెదవి ఒక పక్కకి జరిగి నవ్వింది. దేవుడు నవ్విస్తున్నాడంటారు అత్తయ్య. ఐదో నిమిషంలో నోరు పాలు తాగుతున్నట్టు ఆడించింది, లేస్తుందేమోనని నా గుండె ఆగింది. లేవలేదు. ఏడో నిమిషానికి కళ్ళ పరుగు ఆగింది. ఊపిరి సమంగా వచ్చింది. చిటికెన వేలితో దాని చెయ్యి కొంచెం పైకెత్తి వదిలాను. తడిబట్టలా పడింది. అదే గుర్తు. చెయ్యి గాల్లో ఆగినా, వేళ్ళు ముడుచుకున్నా ఇంకా సమయం కాలేదని.

దించేటప్పుడు ఒకటే జాగ్రత్త తీసుకున్నాను. నా ఛాతీని ఆఖరి క్షణం దాకా దానితో ఉంచాను. ఉయ్యాల మంచం మీదికి నేనే వంగి, ముందు దాని పిరుదులు, తర్వాత వీపు, తర్వాత తల. తల కింద చెయ్యి తీసేముందు ఇంకో చెయ్యి ఛాతీ మీద పెట్టి ఉంచాను. నడుము పట్టేసింది, ముక్కు చివర చెమట చుక్క వేలాడుతోంది, అది దాని మీద పడితే అంతే సంగతులు. చెయ్యి తీశాను. రెండు చేతులూ పైకి ఎగిరాయి. కళ్ళు తెరిచింది.

మళ్ళీ ఏడుపు.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కోపం రాలేదని రాయలేను. వచ్చింది. కానీ అది వచ్చిన చప్పుడు నాకు వినిపించింది, అది ముప్ఫై ఎనిమిదో రాత్రికీ దీనికీ తేడా. చేతులు చూసుకున్నాను, బిగుసుకోలేదు. ఆరో వారం, శిఖరం మీదున్నాం, ఇంక ఎక్కడానికి పైన ఏమీ లేదు అనుకున్నాను. ఎత్తుకుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాను. విజయవాడలో ఇంకో బండి పెట్టారు.

ఈ బండి త్వరగానే నడిచింది, మధిర దాటేసరికి ఏడుపు ఆగింది. నేను మాత్రం కాజీపేట దాకా తగ్గలేదు. ఖమ్మం, మల్లెమడుగు, డోర్నకల్... అలా సాగుతూ. మహబూబాబాద్ దగ్గరే నిద్రపోయింది. అయినా ఘన్‌పూర్ దాకా నడిచి, సోఫాలో కూర్చున్నాను. ఈసారి ఎనిమిది కాదు, పది నిమిషాలు ఉన్నాను. తొందరేముంది, ఐదింటిదాకా డ్యూటీ నాదే. పైన ఎవరో బాత్రూముకి వెళ్ళారు, ఇవాళ పదిహేను నిమిషాలు లేటు. మా నాన్న నైట్ డ్యూటీలో ఉన్నప్పుడు గూడ్సు బండికి సిగ్నల్ దొరక్క గంటలు గంటలు ఆగేదని, డ్రైవరు దిగి ఇంజన్ పక్కన బీడీ కాల్చుకుంటూ పట్టాల వైపు చూసేవాడని చెప్పేవారు. అప్పట్లో ఆ మనిషికి విసుగు రాదా అనుకునేవాణ్ణి.

మూడూ నలభై ఐదుకి దించాను. పిరుదులు, వీపు, తల. ఛాతీ మీద చెయ్యి అలాగే ఉంచి, నెమ్మదిగా బరువు తగ్గిస్తూ, అరచేయి నుంచి వేళ్ళకి, వేళ్ళ నుంచి గోళ్ళకి. తీశాను. చేతులు ఒకసారి అదిరాయి. ముఖం చిట్లించింది. ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, తల పక్కకి తిప్పుకుంది. అంతే.

ఒక నిమిషం అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. తర్వాత టైలు తప్పించుకుంటూ, మంచినీళ్ళ కోసం వంటింటి వైపు వెళ్తున్నాను. చిన్న గది లోంచి, చీకట్లోంచి అత్తయ్య గొంతు, మెల్లగా.

"బాబూ."

"లేపేశానా అత్తయ్యా?"

"లేదులే. మల్లెమడుగు తర్వాత పాపటపల్లి వదిలేస్తున్నావు. రెండుసార్లూ వదిలేశావు. మాది ఆ ఊరేగా."